తొమ్మిదో ఇల్లు చూసేటప్పుడు

చిరంజీవి శ్రావణికి మావయ్య దీవెనలు.

శని, ఆదివారాలు జాతకాలు చూడటం మొదలుపెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. మన ఇంట్లో ఈ విద్య నాతోనే ఆగిపోతుందనుకున్నాను, సంతోషమే. కానీ నాన్న పోయాక నువ్వు మొదట నీ చక్రంలో తొమ్మిదో ఇల్లే తెరిచి చూశావని కూడా చెప్పింది. అది విన్నాక నిద్రపట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

లెక్క నీకు తెలిసిందే. లగ్నం ఉన్న గడిని ఒకటి అనుకుని గడియారం తిరిగే దిక్కున తొమ్మిదో గడి. అదే భాగ్యస్థానం, తండ్రిని చూసేదీ అక్కడే. పుట్టిన టైము ముందు గట్టిగా అడుగు. లగ్నం రాశి చివర ఉంటే పది నిమిషాల తేడాకే తొమ్మిదో ఇల్లు మారిపోతుంది. ఉత్తరాదిలో తండ్రికి పదో ఇల్లు చూసేవాళ్లున్నారు, మనవైపు తొమ్మిదే. బడి చదువు నాలుగో ఇంట్లో, పై చదువూ గురువూ తొమ్మిదో ఇంట్లో. ఇంతవరకు ఏ యాప్ అయినా చెబుతుంది.

యాప్ చెప్పనిది ఒకటుంది. మా వీధిలో ఒక పిల్ల 1978 అక్టోబరు చివరి వారంలో, పొద్దున పది ప్రాంతంలో పుట్టింది. ధనుర్లగ్నం. తొమ్మిదో ఇల్లు సింహం, అందులో శని. ఆ ఇంటి అధిపతి రవి తులలో నీచలో ఉన్నాడు. శని మూడో చూపు సరిగ్గా ఆ తుల మీదే పడుతుంది. పైగా రవి పితృకారకుడు కూడా. భాగ్యాధిపతీ ఆయనే, తండ్రికి కారకుడూ ఆయనే, ఆయనే నీచలో ఉన్నాడు. జాతకం చూసిన పెద్దమనిషి పంచాంగం మూసేసి, వాకిట్లో అందరూ వింటుండగా, "ఈ పిల్ల తండ్రికి అచ్చిరాదు" అనేశాడు.

ఆయన చూడనివి చెబుతాను, కాగితం మీద వేసుకో. రవి పక్కనే శుక్రుడున్నాడు. తుల ఆయన సొంతిల్లు, అంటే నీచ గ్రహానికి ఇంటి యజమాని తోడున్నట్టు. తండ్రి సంగతి చూడాలంటే తొమ్మిదో ఇంటినే ఆయన లగ్నం అనుకుని మళ్లీ లెక్కపెట్టాలి. సింహం నుంచి ఎనిమిదోది మీనం, అది ఆయుష్షు ఇల్లు. దాని అధిపతి గురుడు ఆ ఏడు కర్కాటకంలో ఉచ్చలో ఉన్నాడు. ఇక భయపెట్టిన ఆ శని ఆయుష్కారకుడు. తండ్రి లగ్నంలో కూర్చున్నాడు కాబట్టి కష్టజీవి, ఇంటికి దూరంగా ఉద్యోగం, ఆలస్యంగా కలిసొచ్చే మనిషి అని చెప్పాలి. తండ్రికి గండం ఉందని చెప్పడానికి అది సరిపోదు.

కానీ మాట బయటికి వచ్చేసింది. పిల్లను ఏడాది తిరక్కుండా అమ్మమ్మగారి ఊరు పంపేశారు. అక్కడ బడి పదో తరగతి వరకే. ఆ పిల్ల చదువూ అంతే. తండ్రి పండక్కి వెళ్లినా దూరంగా కూర్చునేవాడు, ఎత్తుకునేవాడు కాదు. ఆ మనిషి ఇవాళ నాకంటే గట్టిగా ఉన్నాడు! పై చదువు, తండ్రి ప్రేమ, రెండూ తొమ్మిదో ఇంటివే. వాటిని తీసేసింది గ్రహం కాదు, చూసినవాడి నోరు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

గురుడు సింహంలోకి వస్తే గోదావరికి పుష్కరాలు కదా. ధనుర్లగ్నం వాళ్లకి అది సరిగ్గా తొమ్మిదో ఇల్లు, లగ్నాధిపతి నడిచొచ్చి భాగ్యస్థానంలో కూర్చున్నట్టు. తీర్థయాత్ర ఎప్పుడని ఎవరైనా అడిగితే ఇలాంటి గోచారం చూసి, దశ కూడా అనుకూలిస్తే చెప్పు. మా వీధిలో పుట్టిన ఆ పిల్లే 2015 పుష్కరాల్లో తండ్రిని తనే స్నానానికి తీసుకెళ్లింది. ఇద్దరూ కలిసి చేసిన మొదటి ప్రయాణం అదేనని మా వీధిలో అందరికీ తెలుసు.

కాబట్టి తండ్రి ఆయుష్షు గురించి ఎవరడిగినా చెప్పకు. దక్షిణ ఎంతిస్తామన్నా చెప్పకు. పసిపిల్లల చక్రంలో అయితే తొమ్మిదో ఇంటి గురించి చదువు, గురువు వరకే మాట్లాడు. ఒక్క గ్రహాన్ని చూసి నోరు తెరవకు. అధిపతి, కారకుడు, ఆపైన నవాంశ, ఈ మూడూ ఒకే మాట చెబితేనే మాట్లాడు.

ఇక నీ చక్రం. నువ్వు పుట్టినప్పుడు వేసింది నేనే. అందులో మీ నాన్నకి నీవల్ల వచ్చిన గండం ఏమీ లేదు, పిచ్చిపిల్లా. ఆయన గుండెజబ్బు నువ్వు పుట్టకముందు నుంచీ ఉంది, రిపోర్టులు అమ్మ దగ్గరే ఉన్నాయి, అడిగి చూసుకో. నీ చక్రాన్ని నువ్వు చూసుకోవడం మాత్రం ఇక ఆపు. మన వాళ్లెవరూ సొంత జాతకం చూసుకోరు.

మొదట వచ్చిన రెండు మూడు చక్రాలు నాకు వాట్సాప్‌లో పంపు, పేర్లు తీసేసి. నువ్వేం చెప్పాలనుకుంటున్నావో కింద రాయి. నేను చూశాకే వాళ్లకి చెబుదువుగాని.

మీ మావయ్య