ఒకే గది ఇద్దరికి బుక్ కాకుండా సొంత వెబ్‌సైట్

"విజయవాడలో మా హోమ్‌స్టేకి సొంత సైట్ పెడదామనుకుంటున్నాం, బుకింగ్ ప్లాట్‌ఫామ్ కమిషన్ భరించలేకపోతున్నాం. ప్లాట్‌ఫామ్‌లోనూ, సైట్‌లోనూ ఒకే గది బుక్ అయిపోతే ఎలా?"

ఆ భయం నిజమేనండి. గుంటూరులో మా ఇంటికి ఒకే రాత్రి రెండు కుటుంబాలు సామాన్లతో దిగాయి. కారణం ప్లాట్‌ఫామ్ క్యాలెండర్‌ని సైట్ క్యాలెండర్‌తో కలిపే ఐకాల్ లింకు. అది వెంటనే కాదు, కొన్ని గంటలకోసారే తేదీలు తెచ్చుకుంటుంది. ఆ సందులోనే రెండో బుకింగ్ పడింది.

అందుకే దసరా రోజులకు, ముఖ్యంగా మూలా నక్షత్రం నాటికి, లింకును నమ్మకండి. మూడు గదులుంటే ఒకటి ప్లాట్‌ఫామ్‌లో ముందే బ్లాక్ చేసి, మీ సైట్‌కే ఉంచండి.

సైట్‌లో "పే" నొక్కగానే గది 15 నిమిషాలు హోల్డ్‌లో పడాలి. డబ్బు అందినట్టు పేమెంట్ గేట్‌వే నుంచి మీ సర్వర్‌కి కబురు వచ్చాకే ఖాయం చేయండి. యూపీఐలో కట్టాక చాలామంది బ్రౌజర్‌కి తిరిగి రారు, వాళ్లు తిరిగొచ్చి చూసే పేజీని బట్టే ఖాయం చేస్తే ఆ బుకింగ్ పోతుంది.

ఇంకోటి, 10న దిగి 12న ఖాళీ చేసే బుకింగ్ ఐకాల్‌లో ఇలా ఉంటుంది:

```
DTSTART;VALUE=DATE:20261010
DTEND;VALUE=DATE:20261012
```

12వ తేదీ రాత్రి గది ఖాళీయే. మీ క్యాలెండర్ దాన్నీ మూసేస్తుంటే ప్రతి బుకింగ్‌కీ ఒక రాత్రి అద్దె పోతున్నట్టే, ముందు అది చూసుకోండి.

రెండు రాత్రులకు 4,000 అద్దె, 15 శాతం కమిషన్ అనుకుంటే 600 పోతుంది. అందులో 300 నేరుగా బుక్ చేసేవాళ్లకు తగ్గించండి. ప్లాట్‌ఫామ్‌లో అడిగినవాళ్లను మాత్రం అక్కడి చాట్‌లోనే మీ సైట్‌కి పిలవకండి, లిస్టింగ్ తీసేసే ప్రమాదముంది.