తప్పిన లెక్కను తుడిపెయ్యకండి

బిడ్డలారా,

వర్గ సమీకరణాల వర్క్‌షీట్లు దిద్దాను. మూడో లెక్క, 2x² − 5x − 3 = 0, మీలో చాలామందికి తప్పింది. పేపర్లు చేతికి రాగానే కొందరు రబ్బరు తీసి, తప్పు తుడిపేసి, బోర్డు మీది జవాబు ఎక్కించుకున్నారు. పబ్లిక్ పరీక్ష దగ్గర పడ్డ ఈ రోజుల్లో ఆ తుడిపేసిన వరుసే మీకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది.

చాలామంది b² − 4ac దగ్గర 25 − 24 = 1 అని రాశారు. అక్కడి నుంచి (5 ± 1)/4 చేసి, మూలాలు 3/2, 1 అన్నారు. సూత్రం సరిగ్గానే ఉంది, b విలువా సరిగ్గానే ఉంది. c విలువ −3 అయితే మీరు 3 వేశారు. తప్పింది అక్కడొక్కచోటే, మిగతాదంతా దాని వెంబడి పోయింది. అలాంటప్పుడు కూర్చుని సూత్రం మళ్లీ బట్టీ పడితే ఏం లాభం? c గుర్తు సరిగా వేస్తే 25 + 24 = 49 వస్తుంది, మూలాలు 3, −1/2.

1కి వర్గమూలం చక్కగా వచ్చేసరికి ఎవరికీ అనుమానం రాలేదు. అందుకే చివర్లో సరిచూసుకోవాలి. మూలాల మొత్తం −b/a, అంటే 5/2 రావాలి. మీ తప్పు జవాబుకు కూడా 5/2 వస్తుంది! మొత్తంలో c లేదు కాబట్టి c తప్పును అది పట్టుకోలేదు. లబ్ధం c/a, అంటే −3/2 రావాలి; మీది 3/2 వచ్చింది, అక్కడ దొరికిపోతుంది. ఇంకొందరు −b దగ్గర −5 వేసి 1/2, −3 అన్నారు. వాళ్లకు లబ్ధం కుదిరింది, మొత్తం కుదరలేదు. కాబట్టి రెండూ చూడండి. లబ్ధం ఒక్కటే తేడా వస్తే ముందు c గుర్తు, తర్వాత వర్గమూలం లోపలి లెక్క చూడండి. మొత్తం తేడా వస్తే −b చూడండి.

తప్పు వరుస కింద గీత గీసి, పక్కన 'c గుర్తు పోయింది' అని రాసుకోండి. 'అజాగ్రత్త' అని రాస్తే రేపు ఎక్కడ జాగ్రత్తపడాలో తెలియదు.

రెండు రోజులాగి, పాత కాగితం చూడకుండా 3x² + x − 2 = 0 చేయండి. అదే తప్పు చేస్తే ఇక్కడ −23 వచ్చి, 'వాస్తవ మూలాలు లేవు' అని రాసేస్తారు. a, c గుర్తులు వేరువేరుగా ఉంటే అలా రావడం కుదరదు, గుర్తుంచుకోండి. సరైన మూలాలు 2/3, −1.

లెక్క మొదలే పెట్టకుండా ఖాళీ వదిలేసిన వాళ్లది వేరే సంగతి. దానికి గుర్తులు వెతికితే లాభం లేదు. పరకాల బస్సు పిల్లలకు సాయంత్రం ఆగడం కష్టం కదా, వాళ్లు మధ్యాహ్నం భోజనం కాగానే రండి. మిగతావాళ్లు స్పెషల్ క్లాసు తర్వాత ఆగండి. సూత్రం మొదటి నుంచి చేద్దాం.

మీ లెక్కల సార్