బావమరిది చెప్పిన 30 వేలా, షాపువాళ్లు చెప్పిన 13 వేలా?

ప్రశ్న: మా అబ్బాయి చదువు కోసం కొన్న లాప్‌టాప్ అమ్మేద్దామనుకుంటున్నాం. రెండేళ్ల ఏడు నెలల కింద 54,000 పెట్టి కొన్నాం, ఇంకో 6,000 కట్టి ఏడాది వారంటీని మూడేళ్లకు పెంచుకున్నాం. అసలు చార్జర్, బ్యాగు పోయాయి. బయట కొన్న చార్జర్‌తో నడుస్తోంది. బ్యాటరీ రిపోర్టులో అసలు సామర్థ్యం 42,000 mWhకు ఇప్పుడు 25,200 mWh అని వచ్చింది. ఇదే మోడల్ పాతవి ఆన్‌లైన్‌లో 22 నుంచి 27 వేలకు పెడుతున్నారు. ఇక్కడి షాపులో 13,000 అన్నారు. మా బావమరిదేమో 30,000కు తగ్గొద్దంటున్నాడు. ఎంత చెప్పాలి?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: మీరు ఎంతకు కొన్నారన్నది కొనేవాళ్లకు అనవసరమమ్మా. ఆ 54,000 పక్కన పెట్టండి. ఇప్పుడు ఇలాంటిదే పాతది ఎంతకు దొరుకుతోందన్నదే లెక్క. ప్రకటనల్లో ఉండేది అడిగే ధర, బేరమాడాక అమ్ముడుపోయేది కాదు. అందుకే 23,000 దగ్గర మొదలుపెడదాం. అంటే చార్జర్‌తో, ఓ మోస్తరు బ్యాటరీతో, వారంటీ లేకుండా వచ్చే ధర అనుకోండి.

ముందు బ్యాటరీ. మీ రిపోర్టు ప్రకారం మిగిలింది 60 శాతం. అలాగని కొత్త బ్యాటరీ ఖర్చు మొత్తం తగ్గించుకోవద్దు. రెండున్నరేళ్ల లాప్‌టాప్‌లో బ్యాటరీ కొంత అరిగి ఉంటుందని ఆ 23,000లోనే లెక్క కలిసి ఉంది. ఈ వయసుకు 80 శాతం ఉంటే మామూలే అనుకుందాం. 50కి పడిపోతే ఎవరైనా మార్చేస్తారు. అంటే పనికొచ్చేది 100కు, 50కి మధ్య ఉన్న భాగమే. 80 దగ్గర అందులో 60 శాతం మిగిలి ఉంటుంది, మీ 60 దగ్గర 20 శాతమే. తేడా 40 శాతం. అసలు బ్యాటరీ, బిగింపుతో కలిపి 4,500 అవుతుందనుకుంటే, తగ్గించాల్సింది 1,800. ధర మాత్రం మీ మోడల్ నంబరు చెప్పి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఒకటి రెండు షాపులకు ఫోన్ చేసి కనుక్కోండి.

కొత్త బ్యాటరీ వేయించి అమ్మొద్దు. పెట్టిన 4,500 వెనక్కి రాదు, పైగా "ఇది అసలుదేనా?" అన్న అనుమానం మొదలవుతుంది. దానికన్నా కొనేవాళ్ల ముందే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టించండి:

```
powercfg /batteryreport
```

యూజర్ ఫోల్డర్‌లో `battery-report.html` ఫైలు వస్తుంది. అందులో `DESIGN CAPACITY`, `FULL CHARGE CAPACITY` చూపిస్తే వాదనే ఉండదు. ఒక్కటి మాత్రం చూసుకోండి: టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు భాగం ఉబ్బినా బ్యాటరీ ఉబ్బినట్టే. అప్పుడు ఈ లెక్కలేవీ పనికిరావు. చార్జింగ్ ఆపేసి, బ్యాటరీ మార్పించాకే అమ్మాలి.

చార్జర్ విషయంలో నా సలహా వేరు. అసలుది కొనిపెట్టండి. కొన్ని కంపెనీల లాప్‌టాప్‌లు బయటి చార్జర్‌ను గుర్తుపట్టవు. స్క్రీన్ మీద హెచ్చరిక వస్తుంది, నెమ్మదిగా నడుస్తాయి, బ్యాటరీ ఎక్కదు. చూడడానికి వచ్చినవాళ్లకు చార్జర్ పాడైందో, మదర్‌బోర్డు పాడైందో ఎలా తెలుస్తుంది? 2,200 చార్జర్‌కు 4,000 కోత అడుగుతారు. కొనేటప్పుడు మీ మోడల్‌కు సరిపోయే వాట్లు, పిన్ను సరిచూసుకోండి. బ్యాగు సంగతి మర్చిపోండి, దానికి ఎవరూ పైసా తగ్గించరు.

ఇక వారంటీ. రెండేళ్లకు 6,000 కట్టారు, నెలకు 250. ఐదు నెలలు మిగిలాయి కాబట్టి 1,250 కలపొచ్చు. అయితే అది కంపెనీ ఇచ్చినదా, షాపువాళ్లు అంటగట్టినదా చూడండి. కంపెనీదైతే చాలావరకు సీరియల్ నంబరుతోనే నడుస్తుంది. వాళ్ల సైటులో ఆ నంబరు కొట్టి గడువు తేదీ చూపించి, బిల్లు కూడా ఇవ్వండి. షాపు ప్లానైతే కొత్త యజమానికి మారుస్తామని రాసిచ్చేదాకా దాని విలువ సున్నా. బ్యాటరీకి మామూలుగా ఏడాదే వారంటీ ఉంటుంది, దానికీ ఉందని మాటివ్వకండి.

అసలు ఈ ఐదు నెలలను ముందు మీరే వాడుకోండి. కీబోర్డులో పనిచేయని బటన్, గరగరమనే ఫ్యాన్ లాంటివి ఉంటే అమ్మకముందే కంపెనీతో ఉచితంగా చేయించుకోండి. ఆ 1,250 కన్నా ఇదే ఎక్కువ లాభం. కింద పడేసి విరగ్గొట్టినవి మాత్రం వారంటీలోకి రావు.

మొత్తం చూస్తే 23,000లో 1,800 తీసేసి 1,250 కలిపితే 22,450. కొత్త చార్జర్‌తో కలిపి 24,000 చెప్పి, 21,500 దాకా దిగండి. చార్జర్ ఖర్చు పోను చేతికి 19,300 మిగులుతుంది. షాపువాళ్లు తిరిగి అమ్మి లాభం చూసుకోవాలి, చెడిపోతే వాళ్లే భరించాలి, అందుకే 13,000 అన్నారు. ఆ తేడా 6,300. దానికోసం నాలుగు వారాలు ఆగొచ్చు, అంతకుమించి వద్దు. వారంటీ నెలకో 250 చొప్పున కరిగిపోతుంటుంది. బావమరిదిగారు 30,000కే పట్టుబడితే ఆయన్నే కొనుక్కోమనండి.