మెస్ మూసేశాక డబ్బు ముందు ఎవరికి?

ప్రశ్న: మారతహళ్లిలో ముగ్గురం కలిసి మూడేళ్లు ఆంధ్రా మెస్ నడిపాం. నేను 8 లక్షలు, మా తోడల్లుడు 4 లక్షలు, వంట చూసుకునే మాస్టరు లక్షన్నర పెట్టాం. లాభనష్టాలు సమానమని డీడ్‌లో రాసుకున్నాం. మధ్యలో నేను ఇంకో 3 లక్షలు అప్పుగా సర్దాను. తోడల్లుడి భార్య కూడా ఒక లక్ష ఇచ్చింది. నష్టాలు రావడంతో మూసేశాం. సామాన్లు అమ్మి, బిల్డింగ్ అడ్వాన్స్ వెనక్కి తెచ్చుకుని, ఖర్చులు పోను 12,50,000 చేతిలో ఉంది. "మూడేళ్లు పొయ్యి ముందు నిలబడ్డాను, నా లక్షన్నర ముందు ఇచ్చేయండి" అంటాడు మాస్టరు. ఉన్నదాన్ని మూడు భాగాలు చేద్దాం అంటాడు తోడల్లుడు. ఎవరిది న్యాయం? లెక్కల కాగితం జతచేశాను.
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఇద్దరిదీ కాదు. ఆ పన్నెండున్నర లక్షల్లో ఆరున్నర లక్షలు అసలు మీ ముగ్గురివే కావు. మాస్టరుకు చెప్పడం కష్టమే గానీ, ఆయనకు రావాల్సింది ఏమీ లేదు. ఆయనే 2,00,000 తెచ్చి కట్టాలి. ఎలాగో మీ కాగితంలోని అంకెలతోనే చూద్దాం.

మూసేసే రోజుకు మీ పుస్తకాల్లో ఉన్న ఆస్తి 20 లక్షలు. వంటింటి సామాను, ఫర్నిచర్ 10 లక్షలు, బిల్డింగ్ అడ్వాన్స్ 6 లక్షలు, ఆఫీసులకు భోజనాలు పంపినందుకు రావాల్సింది 3 లక్షలు, సరుకు 40,000, బ్యాంకులో 60,000. బయటి అప్పులు ఆరున్నర లక్షలు: బ్యాంకు లోను మూడున్నర, యశవంతపూర్ యార్డులోని బియ్యం వ్యాపారికి, కూరగాయలవాళ్లకి, పనివాళ్ల జీతాలకి కలిపి రెండు, తోడల్లుడి భార్యకు ఒకటి. మీ అప్పు 3 లక్షలు. మిగిలిన పదిన్నర లక్షలు పెట్టుబడి. పాత నష్టం 3 లక్షల్ని మీ ఆడిటరు తలా లక్ష చొప్పున పెట్టుబడి ఖాతాల్లోనే తగ్గించేశారు. అందుకే మీది 7 లక్షలకు, తోడల్లుడిది 3 లక్షలకు, మాస్టరుది 50,000కు దిగాయి. మాస్టరు అడుగుతున్న లక్షన్నర మూసేయకముందే కరిగిపోయిందన్నమాట.

ఇప్పుడు రియలైజేషన్ అకౌంట్. తెలుగు కామర్స్ పుస్తకాల్లో వసూలు ఖాతా అంటారు. అది తేల్చేది ఒక్కటే: పుస్తకాల్లో రాసుకున్న విలువకూ, అమ్మితే నిజంగా వచ్చినదానికీ మధ్య తేడా ఎంత? నగదు, బ్యాంకు నిల్వ తప్ప మిగతా ఆస్తులన్నీ పుస్తకపు విలువకు డెబిట్ వైపు వేస్తారు. మీ విషయంలో అది 19,40,000. బయటివాళ్ల బాకీలు క్రెడిట్ వైపు వేసి, వాటిని తీర్చినప్పుడు డెబిట్ వేస్తారు. పూర్తిగా తీరిస్తే అవి రెండూ చెల్లుకు చెల్లు. ఎవరైనా బాకీలో కొంత వదులుకుంటే అది లాభంగా మిగులుతుంది. అమ్మకాల మీద వచ్చిన డబ్బు క్రెడిట్ వైపు పడుతుంది. మీకు సామాను మీద 4,40,000, అడ్వాన్సులో ఓనరు రంగులకీ రిపేర్లకీ లక్ష కోసుకోగా 5,00,000, ఆఫీసుల నుంచి 2,50,000, సరుకు మీద 20,000 వచ్చాయి. మొత్తం 12,10,000. అమ్మకాల ఖర్చు 20,000. అంటే నష్టం ఏడున్నర లక్షలు. డీడ్ ప్రకారం తలా 2,50,000.

ఈ ఖాతాలోకి రాకూడనివి రెండున్నాయి. అవి కలిసిపోవడం వల్లే సగం గొడవలు వస్తాయి. ఒకటి, భాగస్థుడు ఫర్మ్‌కు ఇచ్చిన అప్పు. మీ 3 లక్షలు వసూలు ఖాతాకు వెళ్లవు, విడిగా నిలబడతాయి. రెండోది, భాగస్థుల పెట్టుబడి. తోడల్లుడి భార్య ఇచ్చిన లక్ష మాత్రం అలా కాదు. ఆవిడ భాగస్థురాలు కాదు, కాబట్టి చట్టం దృష్టిలో బియ్యం వ్యాపారి ఎంత బయటి మనిషో ఆవిడా అంతే. మీ 3 లక్షల కంటే ఆవిడ లక్ష ముందు తీరాలి. ఇది విని మీకు కోపం రావచ్చు. ఆ డబ్బు ఆవిడ ఖాతా నుంచి ఫర్మ్ ఖాతాకు వచ్చినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్ అడగండి, అది మీ హక్కు. తోడల్లుడి ఖాతా నుంచి వచ్చి ఉంటే కథ వేరు.

వరుస చెప్పేది భారత భాగస్వామ్య చట్టం, 1932లోని 48వ సెక్షన్. ముందు బయటివాళ్ల బాకీలు. తర్వాత భాగస్థులు పెట్టుబడి కాకుండా ఇచ్చిన అప్పులు. ఆ తర్వాత పెట్టుబడులు. ఇంకా మిగిలితే లాభాల నిష్పత్తిలో పంపకం. తోడల్లుడు చెప్పే మూడు భాగాలు ఈ చివరి మెట్టులోనే వస్తాయి. మీ లెక్క అక్కడిదాకా వెళ్లదు.

పన్నెండున్నరలో ఆరున్నర బయటికి పోతే 6 లక్షలు. మీ అప్పు 3 లక్షలు తీరితే ఇంకో 3 లక్షలు. ఇప్పుడు పెట్టుబడి ఖాతాలు: మీది 7 లక్షల్లోంచి రెండున్నర నష్టం పోగా 4,50,000 రావాలి. తోడల్లుడికి 50,000 రావాలి. మాస్టరు ఖాతాలో 50,000 ఉంటే నష్టం రెండున్నర, అంటే 2,00,000 ఎదురు బాకీ. మీ ఇద్దరికీ కలిపి కావాల్సింది 5 లక్షలు, ఉన్నది 3 లక్షలు. ఆ లోటు సరిగ్గా మాస్టరు తేవాల్సిన రెండు లక్షలే.

"పెట్టుబడి కొంచెమే పెట్టాను, కష్టమంతా నాదే" అనే మాట నా దగ్గరికి వచ్చే మెస్‌లు, కేటరింగ్ ఫర్మ్‌ల తగాదాల్లో తరచూ వింటాను. మనిషిగా ఆ మాటకు విలువిస్తాను. కానీ పనికి జీతం ఇస్తామని డీడ్‌లో లేకపోతే 13వ సెక్షన్ ప్రకారం భాగస్థుడి శ్రమకు ప్రతిఫలం అడిగే హక్కు లేదు. అదే సెక్షన్ మీ అప్పు మీద మాత్రం ఏడాదికి 6 శాతం వడ్డీ ఇస్తుంది. పైన నేను ఆ వడ్డీ కలపలేదు, మీ కాగితంలో లేదు కాబట్టి. మీరు పట్టుబడితే నష్టం పెరిగి మాస్టరు బాకీ కూడా పెరుగుతుంది. అడగాలో వద్దో మీరే ఆలోచించుకోండి. ఒక్కటి మాత్రం చూడండి: పనిచేసే భాగస్థుడికి నష్టంలో వాటా లేదని డీడ్‌లో ఎక్కడైనా రాశారా? 48వ సెక్షన్ మీ ఒప్పందానికి లోబడే పనిచేస్తుంది. అలాంటి వాక్యం ఉంటే ఈ లెక్కంతా మారిపోతుంది.

మాస్టరు దగ్గర నిజంగా డబ్బు లేకపోతే? ఇక్కడ 1904లో ఇంగ్లండులో వచ్చిన గార్నర్ వర్సెస్ ముర్రే తీర్పు పేరు వింటారు. దాని ప్రకారం దివాలా తీసిన భాగస్థుడి లోటును మిగతావాళ్లు లాభాల నిష్పత్తిలో కాకుండా, మూసేసే ముందున్న పెట్టుబడుల నిష్పత్తిలో మోస్తారు. మీకూ తోడల్లుడికీ అది 7:3. రెండు లక్షల్లో మీరు 1,40,000, ఆయన 60,000 మోయాలి. అప్పుడు మీ పెట్టుబడి కింద 3,10,000 వస్తుంది. తోడల్లుడికి రావాల్సిన 50,000 పోయి, ఆయనే 10,000 తేవాలి. సమానంగా మోస్తే మీకు మూడున్నర లక్షలు వచ్చేవి, ఆయన 50,000 తేవాల్సి వచ్చేది. పెట్టుబడి ఎక్కువ పెట్టినవాడికి ఆ తీర్పు బరువే. మన కోర్టులు దానికి కట్టుబడాలని లేదు, కానీ డీడ్ మౌనంగా ఉంటే మన దగ్గర ఆడిటర్లు సాధారణంగా అదే పద్ధతి పాటిస్తారు. అయితే ఆ దాకా వెళ్లడానికి తొందరపడకండి. "నా దగ్గర లేదు" అన్నంత మాత్రాన మనిషి దివాలా తీసినట్టు కాదు. ఊళ్లో ఆయన పేర పొలమో ఇల్లో ఉంటే అది మీకు రావాల్సిన బాకీ, మీరు మోయాల్సిన లోటు కాదు. వాయిదాల మీద ఇస్తానని రాతపూర్వకంగా ఒప్పుకుంటే చాలాసార్లు అదే మంచిది.

తందూరు, గ్రైండరు తానే తెచ్చానని మాస్టరు పట్టుకెళ్తానంటున్నట్టు కాగితం చివర రాశారు. ఫర్మ్ డబ్బుతో కొన్నదైతే అది ఆయనది కాదు. అద్దంకి నారాయణప్ప వర్సెస్ భాస్కర కృష్ణప్ప కేసులో 1966లో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే: ఫర్మ్ ఆస్తిలో ఫలానా వస్తువు ఫలానా భాగస్థుడిదని చెప్పలేం, అప్పులన్నీ తీరాక మిగిలినదాంట్లోనే ఎవరి వాటా అయినా. ఆయన తీసుకోవాలనుకుంటే ధర ఒప్పుకోవాలి. ఆ ధర వసూలు ఖాతాకు జమ పడుతుంది, ఆయన పెట్టుబడి ఖాతాకు ఖర్చు పడుతుంది. ఊరికే పట్టుకెళ్తే ఆ మేరకు నష్టం ముగ్గురి నెత్తినా పడుతుంది.

ఇక వరుస తప్పితే ఏమవుతుంది? బ్యాంకుకు కట్టకుండా మీరు ముగ్గురూ పంచేసుకున్నారనుకోండి. 25వ సెక్షన్ ప్రకారం ఫర్మ్ బాకీకి ప్రతి భాగస్థుడూ మొత్తానికి బాధ్యుడు. బ్యాంకు మూడున్నర లక్షలకూ మీ ఒక్కరినే పట్టుకోవచ్చు. జీతం అకౌంటు, ఇల్లు ఉన్న మనిషిని వదిలి మాస్టరు కోసం ఎవరూ వెతకరు. మీరు కట్టి, తర్వాత మిగతా ఇద్దరి వెంట తిరగాలి. వంటింటి సామాను ఆ లోనుకు తనఖా ఉంటే, అమ్మేముందు బ్యాంకు నుంచి అభ్యంతరం లేదన్న లేఖ తీసుకున్నారో లేదో కూడా చూడండి. తీసుకోకపోతే ఈ వారంలోనే లోను కట్టి క్లోజర్ లెటర్ తెచ్చుకోండి.

బయటివాళ్లకు మూసేశామన్న సంగతి తెలియాలి. పబ్లిక్ నోటీసు ఇచ్చేదాకా ఒక భాగస్థుడు ఫర్మ్ పేరు మీద అప్పు చేస్తే మిగతావాళ్లకూ చుట్టుకుంటుంది, 45వ సెక్షన్ అదే చెబుతుంది. ఫర్మ్ రిజిస్టరైతే రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కు తెలియజేయాలి. గెజెట్‌లోనూ, బెంగళూరు కాబట్టి ఒక కన్నడ పత్రికలోనూ ప్రకటన వేయించాలి. జీఎస్టీ నంబరు రద్దు చేయించాక మూడు నెలల్లో GSTR-10 వేయాలి. ఇది మరిచిపోతే వచ్చే జరిమానా వసూలు ఖాతా మూసేశాక బయటపడుతుంది. అందుకే చివరి పంపకానికి ముందు కొంత సొమ్ము పక్కన ఉంచమంటాను.

మాస్టరు ఒప్పుకోకపోతే ముందు డీడ్‌లో ఆర్బిట్రేషన్ నిబంధన ఉందేమో వెతకండి. లేకపోతే లెక్కలు తేల్చమని కోర్టుకు వెళ్లొచ్చు. ఫర్మ్ రిజిస్టరు కాకపోయినా మూసేసిన ఫర్మ్ లెక్కల కోసం వేసే దావాకు 69వ సెక్షన్ అడ్డు చెప్పదు. వివాదం విలువ 3 లక్షలు, ఆపైన అయితే అది కమర్షియల్ కోర్టుకు వెళ్తుంది. అత్యవసర ఉత్తర్వులు అడగకపోతే ముందు మీడియేషన్‌కు వెళ్లి తీరాలి. ఫర్మ్ రద్దయిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. మీరు మౌఖికంగా మూసేశామన్నారు కాబట్టి, ఆ తేదీ ఏదన్న గొడవ రాకముందే ముగ్గురి సంతకాలతో ఒక రద్దు పత్రం రాసుకుని, పైన చెప్పిన అంకెల పట్టికను దానికి జతచేయండి.