లింక్ తెరుచుకున్నంత మాత్రాన సరిపోదు

"చాట్‌బాట్ ఇచ్చిన లింకులు, రీసెర్చ్ పేపర్ల పేర్లు అసలు ఉన్నాయో లేవో ఎలా తెలుసుకోవాలి? గ్రూపులో పెట్టాలంటే భయమేస్తోంది."

నేను చూసుకోకుండానే పెట్టేశాను. పడుకునే ముందు ఫోన్ చూస్తే నిద్ర ఆలస్యమవుతుందని ఒక పోస్ట్ రాసి, ఆధారాలు చాట్‌బాట్‌ని అడిగితే మూడు పేపర్లు ఇచ్చింది. రచయితలు, జర్నల్, సంవత్సరం, పేజీలు, చివర పేపర్‌ను గుర్తుపట్టడానికి ఇచ్చే, 10. తో మొదలయ్యే డీఓఐ నంబరు, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. ఒక స్నేహితురాలు "మొదటిది రావట్లేదు" అని చెప్పేదాకా అనుమానమే రాలేదు. ఆ రాత్రే మూడూ చూశాను.

డీఓఐని `https://doi.org/` పక్కన అతికించి తెరవాలి. మొదటిదానికి `DOI Not Found` అని వచ్చింది. రెండోది తెరుచుకుంది కానీ అక్కడున్నది మోకాలి ఆపరేషన్ మీద పేపర్. అంటే నంబరు నిజమే, కానీ బాట్ చెప్పిన పేపర్‌ది కాదు. అందుకే పేజీ వచ్చిందని ఆగిపోకుండా పేరు, రచయితలు, సంవత్సరం ఒక్కొక్కటీ పోల్చి చూడండి. నన్ను బాగా మోసం చేసింది మూడోది. పేపరూ రచయితలూ అన్నీ నిజమే. సారాంశం చదివితే అది నైట్ షిఫ్టు చేసేవాళ్ల నిద్ర గురించి. ఫోన్ ఊసే లేదు.

కొన్ని పాత పేపర్లకు, చాలా పుస్తకాలకు డీఓఐ ఉండదు. అప్పుడు పేరు మొత్తాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి. దొరక్కపోతే జర్నల్ సైట్లో ఆ సంపుటం తెరిచి, ఆ పేజీల్లో ఏముందో చూడండి. అక్కడ వేరే వ్యాసం ఉంటే ఆ ఆధారాన్ని నమ్మొద్దు.

వార్తల లింకులు ఇంకొంచెం తికమక పెడతాయి. సైట్ పేరు అసలైనదే ఉంటుంది, దాని తర్వాతి భాగాన్ని మాత్రం బాట్ అలవాటైన తీరులో అల్లేస్తుంది. పేజీ దొరకలేదని 404 వస్తే, దాన్ని తీసేశారా, మొదటి నుంచీ లేదా అన్నది తెలియదు. ఆ లింకును `web.archive.org` లో వేసి చూడండి. పాత కాపీ ఉంటే, ఒకప్పుడు ఆ పేజీ ఉన్నట్టే. లేకపోతే మాత్రం అబద్ధమని తేల్చలేం, ఎందుకంటే అక్కడ అన్ని పేజీలూ భద్రం కావు. అప్పుడు ఆ సైట్లోనే శీర్షికతో వెతకాలి.

"ఇది నిజమేనా?" అని మళ్లీ బాట్‌నే అడగొద్దు. న్యూయార్క్‌లో ఒక లాయరు, చాట్‌బాట్ ఇచ్చిన కోర్టు తీర్పుల గురించి దాన్నే అలాగే అడిగితే నిజమేనంది. ఆ లేని తీర్పులు కోర్టుకు సమర్పించినందుకు 2023లో జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు.

నేను ఆ పోస్ట్ తీసేసి, మూడు ఆధారాలూ ఎందుకు తప్పో గ్రూపులో రాశాను. ఇప్పుడు ఏ లింక్ పెట్టినా, నేను చెప్పే మాటకు ఆధారమైన వాక్యాన్ని ఆ పేజీలోంచే కాపీ చేసి పక్కన పెడతాను. ఆ వాక్యం కనబడకపోతే పోస్ట్ చేయను.