అందరూ నాన్న పేరే అడుగుతున్నారు

ప్రశ్న: మాది తిరుపతి, ఎం.ఆర్.పల్లి. పది రోజులుగా రోజుకు ముప్ఫై, నలభై కాల్స్. ప్లాట్లు, లోన్లు అంటారు. విచిత్రం ఏమిటంటే అందరూ 'మునిరత్నం గారా?' అనే అడుగుతారు. అది మా నాన్న పేరు, నంబరు నాది. నిన్న వాట్సాప్‌లో 'చలానా' అని ఫైలు వచ్చింది, తెరవలేదు. ఎవరి మీద కేసు పెట్టాలి?

జవాబు: మీ నంబరు ఎక్కడ లీకయిందో ఆ పేరే చెబుతోంది. నాన్న పేరు, మీ నంబరు కలిపి ఎక్కడ రాసిచ్చారో గుర్తు చేసుకోండి. ఎగ్జిబిషన్‌లో లక్కీ డ్రా కూపనో, బంగారం స్కీమ్ ఫారమో అయ్యుంటుంది. ఈమెయిల్ లీకయిందేమో haveibeenpwned.com లో చూసుకోవచ్చు గానీ, కాగితం మీద రాసిచ్చిన నంబరు అందులో దొరకదు.

అయితే పేరు ఆధారమే తప్ప రుజువు కాదు. ఐటీ చట్టం 72ఎ కింద మూడేళ్ల వరకు జైలు ఉంది. కానీ ఒప్పందం ప్రకారం తీసుకున్న వివరాలను, మీకు నష్టం గానీ తమకు అక్రమ లాభం గానీ కలిగించే ఉద్దేశంతో గానీ, కలగవచ్చని తెలిసి గానీ బయటపెట్టారని చూపాలి. 2023 డేటా రక్షణ చట్టానికి నిబంధనలు 2025 నవంబరులో వచ్చినా, మనకు పనికొచ్చే ప్రధాన సెక్షన్లకు 18 నెలల గడువు పెట్టారు. అందుకే కేసు సంగతి తర్వాత, ముందు ఫిర్యాదు.

ప్లాట్లు, లోన్ల కాల్స్‌ను 1909కి గానీ ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లో గానీ, కాల్ వచ్చిన ఏడు రోజుల్లోపు చెప్పండి. పది రోజుల నాటివి కొన్ని అప్పుడే చెల్లిపోయాయి. బ్లాక్ చేసేముందు నంబరు, తేదీ, టైమ్ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఉత్త బ్లాక్‌తో లాభం లేదు, రేపు ఇంకో నంబరుతో చేస్తారు.

ఆ చలానా ఫైలు వేరే సంగతి. పేరు చివర .apk ఉందా చూడండి. ఉంటే అది చలానా కాదు, యాప్. ఇన్‌స్టాల్ చేస్తే ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడిగి, ఓటీపీలు లాగేస్తుంది. అసలు చలానా ఉందో లేదో echallan.parivahan.gov.in లో బండి నంబరు కొట్టి చూసుకోవచ్చు. పంపిన నంబరుతో సహా స్క్రీన్‌షాట్ తీసి, sancharsaathi.gov.in లోని 'చక్షు'లో ఫిర్యాదు చేశాక ఫైలు తీసేయండి.

ఇంట్లో ఎవరైనా పొరపాటున నొక్కేసి ఉంటే చక్షు కాదు. వెంటనే ఆ ఫోన్‌లో నెట్ ఆపి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించండి. డబ్బు పోయి ఉంటే అదే ఊపులో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టండి. కాల్స్ వేరేచోటికి మళ్లించారేమో *#21# తో తెలుస్తుంది, ##002# తో రద్దవుతుంది. ఎఫ్ఐఆర్‌కు మా పరిధి కాదని ఏ స్టేషనూ తిప్పి పంపకూడదు, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 173వ సెక్షన్ అదే చెబుతుంది.

కూపన్ మిగిలిన ముక్క ఇంట్లో ఉందేమో వెతకండి. వెనక చిన్న అక్షరాల్లో 'మా భాగస్వాములకు వివరాలు ఇస్తాం' అని ఉంటే 72ఎ కేసు బాగా బలహీనపడుతుంది. లేకపోతే ఆ ముక్క, స్క్రీన్‌షాట్లు పట్టుకుని దగ్గర్లోని లాయరును కలవండి, ముందు ఒక నోటీసు పంపిద్దురు గాని.