డెలివరీ వ్యాన్: కొనాలా, లీజుకు తీసుకోవాలా?

ప్రశ్న: ఒడిశాలోని పర్లాకిమిడిలో బీకాం పూర్తి చేశాను. ఇక్కడి డిస్ట్రిబ్యూటర్ ఒకాయన కాశీనగరం, గుణుపురం షాపులకు సరుకు వేయడానికి చిన్న వ్యాన్ పెట్టుకోమంటున్నారు. చేతిలో లక్షన్నర ఉంది. లీజుకు తీసుకుంటే ట్యాక్స్ కలిసొస్తుందని మామయ్య, సొంత బండి ఉండాలని నాన్న అంటున్నారు. ఏది మంచిది?

జవాబు: ముందు ట్యాక్స్ సంగతి తేల్చేద్దాం. లీజు అద్దె మొత్తాన్ని ఖర్చుగా చూపవచ్చని మీ మామయ్య గారు చెప్పేది నిజమే. కానీ పన్ను కట్టేంత ఆదాయం ఉన్నవాళ్లకే దానివల్ల లాభం. పది వరకు సరుకు బళ్లు ఉన్నవాళ్ల కోసం ఆదాయపు పన్నులో 44ఏఈ అనే పద్ధతి ఉంది. మీలాంటి చిన్న వ్యాన్‌కు నెలకు 7,500 రూపాయలు, అంటే ఏడాదికి 90,000 ఆదాయంగా చూపితే చాలు, ఖర్చుల లెక్కలు అడగరు. లోన్ మీద కొన్న బండికీ ఇది వర్తిస్తుంది, లీజు బండికి మాత్రం వర్తించదు. వేరే ఆదాయం లేకపోతే కొత్త పన్ను విధానంలో 4 లక్షల దాకా పన్నే లేదు కాబట్టి, మీకు ఎటు చూసినా పన్ను పడదు.

జీఎస్టీ మాత్రం తేడా తెస్తుంది. లీజు అద్దె మీద 18 శాతం పడుతుంది. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండదు కాబట్టి అది తిరిగి రాదు, నేరుగా ఖర్చే.

ఇప్పుడు డబ్బు లెక్క. కింద వేసినవి నేను అనుకున్న అంకెలు, వాటి స్థానంలో మీ కొటేషన్ అంకెలు పెట్టుకోండి. బండి ఆన్‌రోడ్ 6 లక్షలు. లక్ష కట్టి మిగతా 5 లక్షలు 11 శాతం వడ్డీకి నాలుగేళ్ల లోన్ తీసుకుంటే ఈఎంఐ దాదాపు 12,923. ఇన్సూరెన్స్, టైర్లు, సర్వీసింగ్‌కు ఏడాదికి 50,000 వేసుకోండి. అంటే నెలకు 17,000 పైచిలుకు. లీజు అద్దె 15,000 అయితే జీఎస్టీతో 17,700, ఇన్సూరెన్స్, సర్వీసింగ్ అందులోనే. నెలనెలా చేతినుంచి పోయేది రెండింట్లోనూ ఇంచుమించు ఒకటే. తేడా అంతా మొదట కట్టే లక్షలోనూ, చివర బండి అమ్మితే వచ్చే డబ్బులోనూ ఉంది.

నాలుగేళ్ల తర్వాత బండి రెండున్నర లక్షలకు పోతే, కొన్నందుకు మీకు పడిన అసలు ఖర్చు 6,70,000. లీజుకైతే 8,49,600. సొంత బండిదే పైచేయి. కానీ ఆ డిస్ట్రిబ్యూటర్ ఏడాదికే పని ఆపేస్తే? ఏడాది బండి 4,20,000కు పోయిందనుకుందాం. బ్యాంకుకు ఇంకా 3,95,000 బాకీ ఉంటుంది. మొత్తం లెక్కేస్తే ఆ ఒక్క ఏడాదికి మీకు 2,80,000 ఖర్చయినట్టు, లీజుకైతే 2,12,400. బండి విలువ మొదటి ఏడాదే ఎక్కువగా పడిపోతుంది, ఆ దెబ్బ యజమానికే తగులుతుంది. రెండేళ్ల దగ్గర, మూడున్నర లక్షలకు అమ్ముడుపోతుందనుకుంటే, రెండు ఖర్చులూ దాదాపు సమానమవుతాయి.

ట్యాక్స్ లెక్కలో తరుగుదల వేరు. అద్దెకు తిప్పే సరుకు బండికి ఏటా మిగిలిన విలువలో 30 శాతం చొప్పున తగ్గిస్తారు. 44ఏఈలో మీరు విడిగా కోరకపోయినా అది తీసేసినట్టే పరిగణిస్తారు. కాబట్టి 6 లక్షల బండి నాలుగేళ్లకు కాగితం మీద 1,44,060 అవుతుంది. రెండున్నర లక్షలకు అమ్మితే మధ్యలో ఉన్న లక్షా ఆరువేలు ఆ ఏడాది ఆదాయంలో కలుస్తాయి. మీ స్థాయిలో అప్పుడూ పన్ను రాకపోవచ్చు, కానీ రిటర్న్‌లో చూపడం మరచిపోవద్దు.

ఇక మీ లక్షన్నర. డౌన్‌పేమెంట్ కట్టాక మిగిలేది 50,000. డిస్ట్రిబ్యూటర్ బిల్లు నెలా నెలన్నర ఆలస్యంగా ఇస్తే డీజిల్, మొదటి రెండు ఈఎంఐలు అందులోంచే రావాలి. నాకు అసలు టెన్షన్ ఇక్కడే. ఇక్కడ చాలా మంది కొత్తవాళ్లకు బండి ఖర్చు కంటే ఈ గ్యాపే కష్టం తెస్తుంది.

లీజు కాగితంలో రెండు చోట్ల వేలు పెట్టి చదవండి. ఒకటి, కిలోమీటర్ల పరిమితి. రోజుకు 130 కిలోమీటర్ల చొప్పున 26 రోజులు తిరిగితే 3,380. పరిమితి 2,500 ఉండి, పైన కిలోమీటరుకు 3 రూపాయలైతే జీఎస్టీతో నెలకు 3,115 అదనం. అలాంటప్పుడు రెండేళ్ల దగ్గర కూడా లీజే ఖరీదు. రెండోది, మధ్యలో మానేస్తే ఎన్ని నెలల అద్దె కట్టాలన్నది. ఆంధ్రా నంబర్ బండి ఇస్తామంటే ఇంకో మాట కూడా అడగండి: ఒడిశాలో 12 నెలలు దాటి ఉంచితే ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి, ఆ ఖర్చు ఎవరిది?

నా అభిప్రాయం ఇది. ఆ డిస్ట్రిబ్యూటర్ రెండేళ్లకు తక్కువ కాకుండా రాతపూర్వకంగా ఒప్పుకుని, బిల్లు పదిహేను రోజుల్లో ఇస్తానంటే కొనండి. నోటి మాటే అయితే, ఆరు నెలలకు మించి కట్టడి లేని లీజు దొరికితేనే తీసుకోండి. అదీ లేకపోతే ముందు డ్రైవర్‌తో సహా రోజువారీ అద్దె బండి పెట్టి రెండు నెలలు సరుకు వేసి, ఎన్ని కిలోమీటర్లు తిరిగారో, బిల్లు ఎన్ని రోజులకు వచ్చిందో రాసుకోండి. ఆ రెండు అంకెలు చేతిలో పెట్టుకుని మళ్లీ ఇదే లెక్క వేయండి.